సూపర్ రిజల్యూషన్ నెట్‌వర్కు శిక్షణ: తిరువళ్లూరు, తిరుత్తణి ఉపగ్రహ చిత్రాల జతలతో

ముతక చిత్రం నుంచి అదే దృశ్యం సన్నని వివరాలతో ఎలా ఉంటుందో అంచనా కట్టే పద్ధతిని సూపర్ రిజల్యూషన్ అంటారు. నెట్‌వర్కుకు ఈ విద్య నేర్పాలంటే ఒకే చోటును చూపే ముతక, సన్న చిత్రాల జతలు వేల సంఖ్యలో కావాలి. ముతక చిత్రాన్ని లోపలికి పంపి, బయటికొచ్చిన దాన్ని సన్న చిత్రంతో పోల్చి, తేడా తగ్గేలా నెట్‌వర్కులోని అంకెలను కొద్దికొద్దిగా సవరించడమే శిక్షణ. నెట్‌వర్కు రాయడానికి ఒక పూట చాలు. పనంతా జతలు తయారు చేయడంలోనే ఉంది, ఫలితం బాగుపడినా చెడినా కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు జతలకే దక్కింది.

తమిళనాడులోని తిరువళ్లూరు, తిరుత్తణి పట్టణాల మధ్య నేల ఈ పనికి మంచి ఉదాహరణ. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారేదాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది, నేటికీ ఆ పరిసరాల్లో తెలుగు మాట్లాడే ఊళ్లున్నాయి. పడమర తిరుత్తణి కొండలు, తూర్పున పూండి జలాశయం. మధ్యలో వరి మళ్లు, తోటలు, లెక్కలేనన్ని చిన్న చెరువులు. చిత్తూరు వైపు నుంచి వచ్చే కుశస్థలి నదిని ఇక్కడ కొసస్తలైయారు అంటారు. దాని మీద 1944లో కట్టిన పూండి జలాశయానికే సత్యమూర్తి సాగర్ అని పేరు. తెలుగుగంగ పథకంలో కండలేరు నుంచి వచ్చే కృష్ణా నీళ్లు ఊత్తుకోట దగ్గర తమిళనాడులో ప్రవేశించి, సుమారు 25 కిలోమీటర్ల కాలువలో పారి పూండిలో కలుస్తాయి. చిన్న చెరువు గట్లు, సన్నని కాలువ, రైలు కట్ట, కొండ నీడ, అన్నీ ఒకే చట్రంలో ఉండడంతో ముతక చిత్రంలో ఏం పోతుందో, దాన్ని నెట్‌వర్కు ఎంతవరకు తిరిగి తేగలదో ఇక్కడ బాగా తెలుస్తుంది.

ఒకే ఉపగ్రహం మీద రెండు కెమెరాలు

ఈ రంగం మొదట్లో జతలను కృత్రిమంగా తయారు చేసుకునేవారు. మంచి ఫోటో తీసుకుని బైక్యూబిక్ అనే లెక్కతో నాలుగో వంతుకు కుదించి, ఆ రెంటినీ జత అనేవారు. 2014లో వచ్చిన ఎస్ఆర్‌సిఎన్ఎన్ అనే మూడు పొరల నెట్‌వర్కు నేర్చుకున్నది అలాంటి జతలతోనే. 2017లో వెలువడి నేటికీ అందరూ వాడుతున్న డిఐవి2కె సముదాయంలో శిక్షణకు 800 చిత్రాలున్నాయి. అందులోనూ ప్రధానమైన జతలు ఇలా కుదించినవే. ఈ దారిలో ఒక లోపముంది. నిజమైన ముతక కెమెరా చిత్రాన్ని బైక్యూబిక్ సూత్రంతో కుదించదు. దాని కటకానికో మసక ఉంటుంది, డిటెక్టరుకో గుణం, ఉపగ్రహం కదలికకో సాగుడు ఉంటాయి. కుదించిన చిత్రాలతో నేర్చిన నెట్‌వర్కుకు నిజమైన ముతక చిత్రం ఇస్తే, తనకు తెలియని ఆ మసకను అలాగే వదిలేస్తుంది. పేరుకు నాలుగింతలు పెద్దదైన చిత్రం కళ్లకు మాత్రం మెత్తగా, పొగమంచులోంచి చూసినట్టుంటుంది.

దీనికి విరుగుడుగా 2019లో కొందరు పరిశోధకులు ఒకే దృశ్యాన్ని రెండు ఫోకల్ దూరాలతో ఫోటో తీసి నిజమైన జతలు చేశారు. అదే రోజుల్లో ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రోబా-వి ఉపగ్రహపు 300 మీటర్ల, 100 మీటర్ల చిత్రాలను జతచేసి పోటీ పెట్టింది. మన దగ్గర ఇలాంటి ఏర్పాటు ఇస్రో వారి రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల మీదే ఉంది. రిసోర్స్‌శాట్-2ను 2011 ఏప్రిల్ 20న, 2ఎను 2016 డిసెంబరు 7న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. ప్రతి ఉపగ్రహం మీదా లిస్-3, లిస్-4 అనే కెమెరాలున్నాయి. లిస్-3 పిక్సెల్ నేల మీద 23.5 మీటర్లు, లిస్-4 పిక్సెల్ 5.8 మీటర్లు. నిష్పత్తి దాదాపు సరిగ్గా నాలుగు. ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణం అనే మూడు బ్యాండ్లు రెంటికీ ఒకటే. లిస్-3లో నాలుగో బ్యాండు కూడా ఉంది గానీ దానికి లిస్-4లో జోడీ లేదు కాబట్టి ఇక్కడ పక్కన పెట్టాలి.

రెండు కెమెరాలూ ఒకే ఉపగ్రహం మీద ఉండడంతో ఒకే ఎండలో, ఒకే గాలి మసకలో, దాదాపు ఒకే క్షణంలో ఒకే నేలను చూస్తాయి. వేర్వేరు ఉపగ్రహాల చిత్రాలను జతచేస్తే ఆ మధ్య రోజుల్లో పొలం కోసేసి ఉండవచ్చు, చెరువు నీరు తగ్గి ఉండవచ్చు. అప్పుడు సన్న చిత్రంలోని మార్పును కూడా వివరమే అనుకుని నెట్‌వర్కు నేర్చుకుంటుంది. ఇక్కడ ఆ గొడవ లేదు. ఒక్క షరతు మాత్రం ఉంది. లిస్-4 కెమెరాను పక్కకు 26 డిగ్రీల వరకు వంచవచ్చు. వంచి తీసిన చిత్రంలో కొండలు పక్కకు వాలి కనిపిస్తాయి, పైగా ఆ పట్టీ లిస్-3 పట్టీలో పడకపోవచ్చు. అందుకని నిటారుగా కిందికి చూసిన రోజుల చిత్రాలే తీసుకోవాలి. లిస్-3 పట్టీ వెడల్పు సుమారు 140 కిలోమీటర్లు, లిస్-4ది 70 కిలోమీటర్లు. తిరుత్తణి నుంచి తిరువళ్లూరు 33 కిలోమీటర్ల దూరమే కాబట్టి రెండు పట్టణాలూ ఒకే లిస్-4 పట్టీలో ఇమడగలవు.

ఈ సమాచారాన్ని హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం భూనిధి పోర్టల్ ద్వారా ఇస్తోంది. 5 మీటర్లు, అంతకంటే ముతకైన ఇస్రో చిత్రాలు అందరికీ ఉచితంగా అందాలని 2023 నాటి భారత అంతరిక్ష విధానం చెబుతోంది. ఈ రెండు కెమెరాలూ ఆ హద్దులోకే వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ ప్రాంతాన్ని మబ్బుతో కప్పేస్తాయి కాబట్టి మచ్చలేని చిత్రాలు ఎక్కువగా జనవరి నుంచి మే లోపు దొరుకుతాయి. జనవరిలో చెరువులు నిండుగా ఉంటాయి, మే నాటికి చాలావాటి అడుగు బయటపడుతుంది. ఈ రెండు స్థితులూ శిక్షణలోకి రావాలి. ఎండాకాలపు చిత్రాలతోనే నేర్చిన నెట్‌వర్కుకు నీళ్లు నిలిచిన వరిమడి కొత్త వస్తువు. దాన్ని చెరువుగా గీసినా ఆశ్చర్యం లేదు.

ఒకే గడి మీదకు తేవడం

రెండు చిత్రాలనూ ఒకే గడి మీద కూర్చోబెట్టడం మొదటి పని. ఈ ప్రాంతం యుటిఎం 44వ మండలంలో పడుతుంది. లిస్-3కి 24 మీటర్లు, లిస్-4కి 6 మీటర్ల పిక్సెళ్లు పెట్టుకుంటే నిష్పత్తి కచ్చితంగా నాలుగవుతుంది. తీసుకునే ప్రాంతం అంచులు 24తో నిశ్శేషంగా భాగింపబడాలి. అలా ఉంటే ప్రతి పెద్ద పిక్సెల్ కిందా సరిగ్గా పదహారు చిన్న పిక్సెళ్లు అమరుతాయి.

```
gdalwarp -t_srs EPSG:32644 -te 345600 1440000 385920 1469952 \
  -tr 24 24 -r cubic L3_BAND3.tif l3_b3.tif
gdalwarp -t_srs EPSG:32644 -te 345600 1440000 385920 1469952 \
  -tr 6 6 -r cubic L4_BAND3.tif l4_b3.tif
```

ఈ చట్రం తూర్పు పడమరలుగా 40.32 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 29.952 కిలోమీటర్లు. తిరుత్తణి, అరక్కోణం, పూండి, తిరువళ్లూరు నాలుగూ ఇందులో పడతాయి. లిస్-3 వైపు 1680×1248, లిస్-4 వైపు 6720×4992 పిక్సెళ్లు వస్తాయి. దీన్ని 48×48 లిస్-3 పిక్సెళ్ల ముక్కలుగా కోస్తే ఒక్కో ముక్క నేల మీద 1152 మీటర్ల చదరం. 35 నిలువు వరుసలు, ఒక్కో వరుసలో 26, మొత్తం 910 ముక్కలు. ప్రతి ముక్కకూ జోడీగా 192×192 లిస్-4 ముక్క ఉంటుంది.

లెక్క ఇంత చక్కగా కుదిరినంత మాత్రాన చిత్రాలు కుదిరినట్టు కాదు. ఫైలులో రాసిన కోఆర్డినేట్లలోనే కొద్ది తప్పు ఉంటుంది. రెండు కెమెరాలకూ ఆ తప్పు ఒకేలా ఉండదు. లిస్-3లో పావు పిక్సెల్ జరుగుడంటే కంటికి ఆనదు గానీ లిస్-4 గడి మీద అది నిండు పిక్సెల్. ఎంత జరిగిందో తెలుసుకోవడానికి లిస్-4 చిత్రాన్ని మసకబార్చి, 4×4 సగటుతో 24 మీటర్లకు దించి, లిస్-3తో పోల్చాలి. ఫేజ్ కోరిలేషన్ అనే పద్ధతి ఈ జరుగుడును పిక్సెల్‌లో ఇరవయ్యో వంతు వరకు చెప్పగలదు.

```python
from skimage.registration import phase_cross_correlation
shift, err, _ = phase_cross_correlation(l3, l4_24, upsample_factor=20)
```

ఒక తేదీ చిత్రానికి `shift` విలువ (0.30, −0.55) వచ్చిందనుకుందాం. మొదటిది వరుసల దిశ, రెండోది నిలువుల దిశ. లిస్-3తో కలవాలంటే లిస్-4 చిత్రం 0.30 × 24 = 7.2 మీటర్లు దక్షిణానికి, 0.55 × 24 = 13.2 మీటర్లు పడమరకు జరగాలని దీని అర్థం. అంటే లిస్-4 గడి మీద ఒక దిశలో ఒక పిక్సెల్ దాటింది, ఇంకో దిశలో రెండు దాటింది. ఇప్పటికే గడి మీద కూర్చోబెట్టిన చిత్రాన్ని మళ్లీ జరపకూడదు. జరిపిన ప్రతిసారీ చిత్రం మెత్తబడుతుంది, సన్న చిత్రమే మెత్తబడితే ఇక నేర్పడానికి ఏమీ మిగలదు. మూల ఫైలు మూలల కోఆర్డినేట్లను `gdal_translate -a_ullr` తో సవరించి, `gdalwarp` ను మూల ఫైలు మీదే మళ్లీ నడపాలి. గుర్తులు తారుమారైతే జరుగుడు రెట్టింపవుతుంది కాబట్టి సవరించాక ఇంకోసారి కొలవడం తప్పనిసరి.

మొత్తం చట్రానికి ఒకే జరుగుడు సరిపోకపోవచ్చు. తిరుత్తణి కొండల దగ్గర ఒక రకంగా, తిరువళ్లూరు మైదానంలో ఇంకో రకంగా ఉండవచ్చు. అందుకని చట్రాన్ని 5 కిలోమీటర్ల గళ్లుగా విడదీసి ఒక్కో గడిలో విడిగా కొలిచి, వాటి నుంచి ఒక సరళ సవరణ కట్టడం మంచిది. పూండి నీళ్ల మధ్య పడ్డ గడిలో పోల్చడానికి గీతలే ఉండవు, కాబట్టి అక్కడొచ్చే అంకెను నమ్మకూడదు. అలాంటి గళ్లను పక్కన పెట్టి, గట్లు, రోడ్లు, పొలం అంచులు ఉన్న గళ్ల మాటే వినాలి.

జరుగుడు మిగిలిపోతే ఏమవుతుందో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ తప్పు బయటికి కనబడదు. అన్ని జతలూ ఒకే దిశలో ఒకే మేరకు జరిగి ఉంటే నెట్‌వర్కు ఆ జరుగుడును కూడా నేర్చుకుంటుంది. చిత్రం స్పష్టంగానే వస్తుంది గానీ చెరువు నేల మీద ఉండాల్సిన చోటికి పక్కన పడుతుంది. పరీక్ష జతల్లోనూ అదే జరుగుడు ఉంటుంది కాబట్టి మార్కులు బాగానే వస్తాయి. ఒక్కో తేదీకి ఒక్కో జరుగుడు ఉంటే కథ వేరు. ఏ తేదీ చిత్రమో నెట్‌వర్కుకు తెలియదు, అందుకని అన్ని జరుగుళ్లకూ మధ్యస్థంగా, మసకగా గీస్తుంది. ముక్కలను అద్దంలోలా తిప్పి సంఖ్య పెంచే అలవాటు ఉన్నవారు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. జతను ఎడమ కుడిగా తిప్పితే మిగిలిన జరుగుడు దిశ కూడా తిరుగుతుంది. మొదట స్థిరంగా ఉన్న తప్పు ఇప్పుడు రెండు వైపులా పడి చిత్రాన్ని మసక చేస్తుంది. తిప్పడం మొదలుపెట్టగానే ఫలితం మెత్తబడితే జతలు సరిగ్గా కూర్చోలేదని అర్థం చేసుకోవచ్చు.

కాంతి విలువలు సరిచేయడం

ఒకే నేలకు రెండు కెమెరాలు ఒకే అంకె ఇవ్వవు. రెండూ 10 బిట్లలోనే, అంటే 0 నుంచి 1023 వరకు రాస్తాయి గానీ ఒక్కో అంకె ఎంత వెలుగో ఫైలుతో వచ్చే మెటాడేటా చెబుతుంది. ముందు అంకెలను ఆ విలువలతో కాంతి ప్రమాణంలోకి మార్చాలి. ఆ తర్వాత కూడా చిన్న తేడా మిగులుతుంది. లిస్-4ను 24 మీటర్లకు దించి, లిస్-3 విలువలతో బ్యాండువారీగా ఒక సరళరేఖ కడితే ఆ తేడా వాలుగా, ఎత్తుగా తెలుస్తుంది. ఆ రేఖతో లిస్-4 విలువలను లిస్-3 కొలమానంలోకి తెస్తే, నెట్‌వర్కుకు రంగులు సరిచేసే పని తప్పి, వివరం వెతికే పని ఒక్కటే మిగులుతుంది. చెరువు అంచుల్లో, మబ్బు నీడల్లో ఉన్న పిక్సెళ్లు ఈ రేఖను పక్కకు లాగుతాయి కాబట్టి చుట్టూ ఏకరీతిగా ఉన్న పిక్సెళ్లతోనే కట్టాలి.

ఈ దశలో ఇంకో మేలు దక్కుతుంది. లిస్-4ను దించేటప్పుడు రకరకాల మసకలు పెట్టి చూసి, ఏ మసకతో లిస్-3కి అత్యంత దగ్గరగా వస్తుందో గుర్తిస్తే లిస్-3 కెమెరా సొంత మసక ఎంతో అంచనాకు వస్తుంది. ఆ మసకతో కృత్రిమ జతలు కూడా చేసుకుని, నిజమైన జతల ఫలితంతో పోల్చవచ్చు. కృత్రిమ జతల్లో జరుగుడు సున్నా. ఒకే నెట్‌వర్కు కృత్రిమ జతలతో చక్కగా నేర్చుకుని నిజమైన జతలతో తడబడితే తప్పు కోడ్‌లో లేదని, జతల్లో ఉందని తేలిపోతుంది.

మబ్బు ముక్కలను పూర్తిగా తీసేయాలి. లిస్-4లో మూడు బ్యాండ్ల డిటెక్టర్లు ఒకదాని పక్కన ఒకటి కాస్త ఎడంగా ఉంటాయి కాబట్టి ఒకే చోటును కొద్ది సెకన్ల తేడాతో చూస్తాయి. నేల మీద దాన్ని సరిచేస్తారు గానీ ఎత్తున ఉండి కదిలే మబ్బుకు ఆ సవరణ పనిచేయదు. మబ్బు అంచుల్లో రంగు రంగుల చారలు కనిపిస్తాయి. అలాంటి ముక్క ఒకటి శిక్షణలో దూరినా నెట్‌వర్కు తెల్లని వస్తువుల అంచున రంగు పూయడం నేర్చుకుంటుంది.

ముక్కల పంపకం

910 ముక్కలను యాదృచ్ఛికంగా శిక్షణకు కొన్ని, పరీక్షకు కొన్ని అని పంచడం తేలిక, అదే పెద్ద పొరపాటు. పక్క పక్క ముక్కల్లో ఒకే చెరువు, ఒకే పొలాల వరుస ఉంటాయి. ఒకే ముక్క జనవరి చిత్రం శిక్షణలో, మార్చి చిత్రం పరీక్షలో పడితే గట్లన్నీ నెట్‌వర్కు ముందే చూసేసినట్టు. మార్కులు గొప్పగా వస్తాయి, వేరే ఊరి చిత్రం ఇవ్వగానే కూలిపోతాయి. పంపకం నేల మీదే జరగాలి, అన్ని తేదీలకూ ఒకటే ఉండాలి.

ఈ చట్రంలో నిలువు వరుసలను పడమర నుంచి లెక్కిస్తే తిరుత్తణి 4వ వరుసలో, అరక్కోణం 9వ వరుసలో, పూండి 27వ వరుస దగ్గర, తిరువళ్లూరు 32వ వరుసలో పడతాయి. 3 నుంచి 6 వరకు, 25 నుంచి 28 వరకు ఉన్న వరుసలను తుది పరీక్షకు దాచవచ్చు. 15 నుంచి 17 వరకు మధ్య మధ్య చూసుకునే తనిఖీకి పనికొస్తాయి. వీటికి రెండు పక్కలా ఉన్న 2, 7, 14, 18, 24, 29 వరుసలను ఎందులోనూ వాడకుండా ఎడంగా వదిలేయాలి. శిక్షణకు 18 వరుసలు, అంటే తేదీకి 468 ముక్కలు మిగులుతాయి. పరీక్షకు 208, తనిఖీకి 78, వదిలేసినవి 156. ఆరు తేదీలు దొరికితే శిక్షణకు 2808 జతలు. తిరుత్తణి కొండను పరీక్షకే ఉంచడం కావాలని చేసే పని. మైదానంలో నేర్చిన నెట్‌వర్కు కొండ నీడను ఎలా గీస్తుందో అక్కడ తెలుస్తుంది.

చిన్న నెట్‌వర్కు

జతలు వేలల్లోనే ఉన్నప్పుడు కోట్ల అంకెల నెట్‌వర్కు అక్కర్లేదు. 2017 నాటి ఇడిఎస్ఆర్ పెద్ద రూపంలో 4 కోట్లకు పైగా పారామీటర్లున్నాయి. కింది నెట్‌వర్కులో ఉన్నవి 61,008. మామూలు గ్రాఫిక్స్ కార్డు మీద హాయిగా నడుస్తుంది.

```python
import torch.nn as nn, torch.nn.functional as F

class SmallSR(nn.Module):
    def __init__(self, bands=3, ch=32, depth=5, s=4):
        super().__init__()
        self.s = s
        L = [nn.Conv2d(bands, ch, 3, padding=1), nn.ReLU()]
        for _ in range(depth):
            L += [nn.Conv2d(ch, ch, 3, padding=1), nn.ReLU()]
        last = nn.Conv2d(ch, bands * s * s, 3, padding=1)
        nn.init.zeros_(last.weight); nn.init.zeros_(last.bias)
        self.body = nn.Sequential(*L, last, nn.PixelShuffle(s))

    def forward(self, x):
        up = F.interpolate(x, scale_factor=self.s,
                           mode="bicubic", align_corners=False)
        return up + self.body(x)
```

ఇందులో లెక్కలన్నీ ముతక చిత్రం సైజులోనే జరుగుతాయి. చివరి పొర ప్రతి పెద్ద పిక్సెల్‌కూ 48 విలువలు ఇస్తుంది. `PixelShuffle` వాటిని మూడు బ్యాండ్లలో 4×4 గళ్లుగా పరుస్తుంది. 2016లో ఇఎస్‌పిసిఎన్ అనే నెట్‌వర్కుతో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. బైక్యూబిక్‌తో పెంచిన చిత్రాన్ని పక్క దారిలో తెచ్చి కలపడంతో నెట్‌వర్కు చిత్రమంతా గీయనక్కర్లేదు, బైక్యూబిక్‌కు తెలియని వివరాన్ని చేరిస్తే చాలు. చివరి పొరను సున్నాలతో మొదలుపెట్టడం వల్ల తొలి అడుగులో ఫలితం సరిగ్గా బైక్యూబిక్కే అవుతుంది. తొలి లాస్, బైక్యూబిక్ లాస్ ఒకటి కాకపోతే ఎక్కడో తప్పుందని శిక్షణ మొదలవకముందే తెలిసిపోతుంది. `align_corners=False` కూడా ముఖ్యమే. దాన్ని `True` చేస్తే మూలల పిక్సెళ్ల కేంద్రాలు కలిసేలా గడి సాగిపోయి, ముక్క అంచులకు వెళ్లేకొద్దీ జరుగుడు పెరుగుతుంది. అంత కష్టపడి సరిచేసిన తప్పు ఒక్క మాటతో వెనక్కి వస్తుంది.

ఏడు 3×3 పొరలు కలిపి ప్రతి ఫలితం వెనకా 15×15 లిస్-3 పిక్సెళ్ల చూపు ఉంటుంది, అంటే నేల మీద 360 మీటర్లు. చిన్న చెరువును, దాని చుట్టూ ఉన్న గట్టును ఒకేసారి చూడడానికి ఇది చాలు.

లాస్‌గా తేడాల పరమ విలువల సగటు, అంటే ఎల్1, తీసుకోవడం వాడుక. ఒక్కో విడతకు 16 జతలు, ఆడమ్ ఆప్టిమైజర్, 2e-4 వేగం, మధ్యలో దాన్ని సగాలు చేసుకుంటూ పోవడం మంచి ఆరంభం. 2808 జతలకు ఒక దఫా అంటే 176 అడుగులు, 300 దఫాలకు 52,800. పూర్తి శిక్షణకు ముందు 16 జతలనే పదే పదే చూపి చూడాలి. ఇంత చిన్న నెట్‌వర్కు వాటిని కూడా పూర్తిగా కంఠస్థం చేయలేదు కాబట్టి లాస్ సున్నాకు రాదు. కానీ బైక్యూబిక్ కంటే స్పష్టంగా కిందికి దిగాలి. దిగకపోతే జతల ఫైలు పేర్లు తారుమారయ్యాయేమో, ఎరుపు బ్యాండు ఎదుట పరారుణం వచ్చిందేమో చూడాలి.

ఫలితంలో 24 మీటర్లకోసారి తిరిగొచ్చే గళ్ల నేత కనిపిస్తే పదహారు స్థానాలకు నెట్‌వర్కు ఇంకా ఒకే స్థాయి ఇవ్వడం లేదని అర్థం. పూండి నీళ్ల మీద ఇది ముందుగా కనబడుతుంది, ఎందుకంటే అక్కడ దాన్ని దాచే వివరం లేదు. శిక్షణ ఇంకొంత సాగితే తరచు తగ్గిపోతుంది. తగ్గకపోతే కాంతి విలువల సవరణను మళ్లీ చూడాలి.

ఫలితం కొలవడం

పిఎస్ఎన్ఆర్ అనే కొలత అందరూ వాడేది: `PSNR = 10·log10(MAX² / MSE)`. ఇందులో `MAX` గా ఏం పెట్టామో చెప్పకపోతే అంకెకు అర్థం లేదు. నేల విలువలు నిజానికి 100 నుంచి 400 మధ్యే ఉండగా `MAX` ను 1023 అంటే మార్కు ఊరికే ఉబ్బుతుంది. ఒంటరి అంకె కంటే అదే పరీక్ష ముక్కల మీద బైక్యూబిక్ కన్నా ఎంత మెరుగో చెప్పడం న్యాయం. ప్రోబా-వి పోటీలో పాటించిన రెండు జాగ్రత్తలు ఇక్కడా మేలు చేస్తాయి. వెలుగు స్థాయిలోని తేడాను ముందు తీసేసి, ఆపైన ఫలితాన్ని కొద్ది పిక్సెళ్లు అటూ ఇటూ జరిపి ఏ చోట మార్కు ఎక్కువో చూస్తారు. ఎక్కువ మార్కు సున్నా జరుగుడు దగ్గర కాక మరో చోట వస్తే ఆ ముక్క జత సరిగ్గా కూర్చోలేదన్నమాట.

ఈ ప్రాంతానికి నిజంగా పనికొచ్చే కొలత చెరువు విస్తీర్ణం. ఆకుపచ్చ, పరారుణ బ్యాండ్లతో `(G − NIR) / (G + NIR)` లెక్కిస్తే నీరు ఎక్కువ విలువతో విడిపోతుంది. 1996లో మెక్‌ఫీటర్స్ ప్రతిపాదించిన సూచిక ఇది. 100 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు ఉన్న చెరువును తీసుకుందాం. లిస్-3లో పిక్సెల్ ఒక్కటి 576 చదరపు మీటర్లు కాబట్టి ఆ చెరువు మొత్తం పది పిక్సెళ్లే. అందులోనూ చాలావాటిలో నీరు, గట్టు కలిసిపోయి ఉంటాయి. ఒక్క పిక్సెల్ అటో ఇటో అయితే విస్తీర్ణంలో పదో వంతు మారిపోతుంది. లిస్-4 గడి మీద పిక్సెల్ 36 చదరపు మీటర్లు, అదే చెరువుకు 160కి పైగా వస్తాయి. పరీక్ష వరుసల్లోని ఒక్కో చెరువుకూ బైక్యూబిక్, నెట్‌వర్కు, నిజమైన లిస్-4 చెప్పిన విస్తీర్ణాలను పక్కపక్కన రాసుకుంటే నెట్‌వర్కు వల్ల లాభముందో లేదో తేటపడుతుంది. పెద్ద పూండిలో తేడా కనబడదు, చిన్న చెరువుల్లోనే కనబడాలి. కృష్ణా నీళ్ల కాలువ చివరి భాగమూ మంచి గీటురాయే. సన్నని గీత తెగకుండా, పక్కకు వంగకుండా వచ్చిందా అని కంటితోనే చూడవచ్చు.

ఇంకో తనిఖీకి సన్న చిత్రమే అక్కర్లేదు. నెట్‌వర్కు ఫలితాన్ని లిస్-3 మసకతో మసకబార్చి 24 మీటర్లకు దించితే, లోపలికి పంపిన ముతక చిత్రమే తిరిగి రావాలి. రాకపోతే ఆ చోట నెట్‌వర్కు ఉన్న సమాచారానికి విరుద్ధంగా గీసిందన్నమాట. కొండ నీడల్లో, కొత్త కట్టడాల తెల్లని పైకప్పుల దగ్గర ఈ తేడా ముందుగా బయటపడుతుంది. ఈ తనిఖీ తప్పును పట్టగలదు గానీ ఒప్పును రుజువు చేయలేదు. ఒకే ముతక పిక్సెల్‌కు సరిపోయే సన్న అమరికలు చాలా ఉంటాయి, నెట్‌వర్కు గీసింది వాటిలో ఒకటి.

ఎల్1 లాస్ ఆ అమరికలన్నిటికీ మధ్యస్థాన్ని ఇస్తుంది కాబట్టి ఫలితం కాస్త మెత్తగా ఉంటుంది. 2017లో ఎస్ఆర్‌గాన్, మరుసటి ఏడు ఇఎస్ఆర్‌గాన్ ఈ మెత్తదనాన్ని పోగొట్టాయి. అవి మధ్యస్థాన్ని వదిలి, చూడ్డానికి నిజంలా ఉండే ఒక అమరికను ఎంచుకుని గీస్తాయి. ఫోటోల్లో అది అందం. పొలాల చిత్రంలో అయితే లేని గట్టును నమ్మకంగా చూపిస్తుంది. చెరువుల విస్తీర్ణానికి, పంట లెక్కలకు మెత్తని ఎల్1 ఫలితమే మేలు. రెండు మీటర్ల పొలం గట్టు లిస్-4లోనే విడిగా కనబడదు కాబట్టి లిస్-4ను చూసి నేర్చిన నెట్‌వర్కు దాన్ని ఎన్నటికీ చూపలేదు. పట్టా హద్దులు తేల్చడానికి ఈ చిత్రాలను వాడకూడదు.

నెట్‌వర్కు ఒకసారి తయారయ్యాక దాని ఉపయోగం లిస్-4 లేని రోజుల్లోనే. లిస్-3 పట్టీ వెడల్పు రెండింతలు కాబట్టి అది చూసిన నేలలో సగానికి ఆ రోజు సన్న జోడీ ఉండదు. లిస్-4ను పక్కకు వంచిన రోజుల్లో ఈ ప్రాంతానికి అసలే ఉండదు. ఆ ఖాళీ తేదీల్లో తిరుత్తణి చెరువుల నీటి అంచును నెట్‌వర్కు చెబుతుంది. మళ్లీ లిస్-4 నిటారుగా చూసిన రోజున ఆ అంచును పక్కన పెట్టి సరిచూడవచ్చు. కొత్త కాలం, కొత్త పంట చిత్రాల్లో తేడా పెరుగుతున్నట్టు కనిపిస్తే, అప్పటి జతలనే శిక్షణ వరుసల్లో చేర్చి మళ్లీ నేర్పాలి. దాచిన పరీక్ష వరుసలను మాత్రం అప్పుడు కూడా ముట్టుకోకూడదు.